పోర్ట్‌ఫోలియో లేని డిజైనర్ గంటకు ఎంత అడగాలి?

కొత్తగా ఫ్రీలాన్స్‌లోకి దిగిన గ్రాఫిక్ డిజైనర్‌ని "గంటకు ఎంత తీసుకుంటావు?" అని ఎవరైనా అడిగితే, చాలామంది నెట్‌లో ఎక్కడో చూసిన అమెరికా రేటుని గుర్తు తెచ్చుకుని, అందులో పదో వంతు చెప్పేసి ఊరుకుంటారు. మిగిలినవాళ్లు "మీరే ఎంతో కొంత ఇవ్వండి సార్" అంటారు. ఈ రెండో మాట ఇంకా నష్టం. ఎదుటివాళ్లు చెప్పిన ఆ అంకె ఆ రోజు నుంచి మీ రేటుగా నిలిచిపోతుంది, దాన్ని కదిలించడం చాలా కష్టం.

చూపించడానికి పాత పని ఒక్కటీ లేకపోయినా, లెక్క కట్టి ధైర్యంగా చెప్పగలిగే రేటు ఒకటుంది. అది మీ ఖర్చుల్లోంచీ మీ వేగంలోంచీ వస్తుంది. ఎలా కట్టాలో ఒక ఉదాహరణతో చూద్దాం. విజయవాడలో రూమ్ షేర్ చేసుకుని ఉంటూ ఫ్రీలాన్స్ మొదలుపెట్టిన ఒక అమ్మాయి అనుకోండి. ఇక్కడ వేసిన అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించినవి. మీరు చేసేటప్పుడు మీ అంకెలు వేసుకోండి.

మొదటి పని: నెలకు ఎంత కావాలో రాయండి

ఒక కాగితం తీసుకుని నెల ఖర్చులు రాయండి. ఆ అమ్మాయికి అద్దెలో వాటా 4,500, తిండికి 5,500, ఫోన్, ఇంటర్నెట్‌కి 1,200, బస్సు, ఆటో, చిల్లర ఖర్చులకు 2,000, ఇంటికి పంపేది 3,000. మొత్తం 16,200 రూపాయలు.

ఇప్పుడు పని ఖర్చులు. 60,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ నాలుగేళ్లు వస్తుందనుకుంటే నెలకు 1,250 పడుతుంది. సాఫ్ట్‌వేర్‌కి 1,500, కరెంటుకీ శాంపిల్ ప్రింట్లకీ 550 అనుకుందాం. ఇది 3,300. మొదట్లో ఇంక్‌స్కేప్, జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే పని నడుపుతున్నా, ఆ సాఫ్ట్‌వేర్ డబ్బుని లెక్కలోంచి తీసేయకండి. రేపు ఎవరో ఒక క్లయింట్ ఇలస్ట్రేటర్ ఫైలే కావాలంటారు. ఆ రోజు సబ్‌స్క్రిప్షన్ డబ్బు మీ జేబులోంచి పోకూడదు.

రెండూ కలిపితే 19,500. దీనిమీద జ్వరం వచ్చి వారం పడుకున్నా, డబ్బులు ఆలస్యంగా వచ్చినా తట్టుకోవడానికి ఇంకో 3,000 కలపండి. 22,500 అయింది. అంటే ఈ అమ్మాయికి నెలకు 22,500 రావాలి.

రెండో పని: అమ్ముడుపోయే గంటలు ఎన్నో తేల్చండి

దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 200 గంటలు అనుకుని 22,500ని 200తో భాగిస్తారు. గంటకు 112 వస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది, ఎందుకంటే నెలకు 18,000 జీతమొచ్చే ఉద్యోగంలో గంటకు 90 రూపాయలే పడుతుంది కదా.

కానీ ఉద్యోగంలో పని లేని గంటకు కూడా జీతం వస్తుంది. ఫ్రీలాన్స్‌లో రాదు. క్లయింట్లకు మెసేజ్‌లు పెట్టడం, వెళ్లి కలవడం, కొటేషన్ రాయడం, డబ్బుల కోసం ఫోన్ చేయడం, కొత్త టూల్ నేర్చుకోవడం, ఇవన్నీ పనే అయినా వీటికి ఎవరూ డబ్బులివ్వరు. కొత్తలో ఈ పనులే ఎక్కువ. 200 గంటలు కూర్చుంటే అందులో 75 గంటలకు డబ్బులొస్తే మొదటి ఆరు నెలల్లో అది మంచి లెక్కే.

22,500ని 75తో భాగిస్తే 300. ఇదే ఆమె కనీస రేటు. ఇంతకంటే తగ్గితే ఆ తేడా నాన్న జేబులోంచో, క్రెడిట్ కార్డులోంచో భర్తీ అవుతుంది.

మూడో పని: మీ వేగం కొలవండి

గంట రేటు తెలిసినా, ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో తెలియకపోతే క్లయింట్‌కి ఏమీ చెప్పలేరు. అనుభవం ఉన్నవాళ్లకు అది అలవాటు మీద తెలుస్తుంది. మీకు తెలియదు కాబట్టి కొలవాలి. క్లయింట్ లేకుండానే కొలవచ్చు.

మీ ఊళ్లో నిజంగా ఉన్న వ్యాపారాల్లాంటివి మూడు ఊహించుకుని, ఒక్కోదానికి ఒక్కో పని పెట్టుకోండి. ఒక స్వీట్ షాపుకి పండగ ఆఫర్ పోస్టర్, ఒక ట్యూషన్ సెంటర్‌కి పాంప్లెట్, ఒక బొటిక్‌కి విజిటింగ్ కార్డ్. గడియారం ఆన్ చేసి కూర్చోండి. క్లాకిఫై, టాగుల్ లాంటి యాప్‌లు వాడినా సరే, నోట్‌బుక్‌లో రాసుకున్నా సరే. కానీ ఒక్కో దశకీ విడిగా రాయండి.

మన ఉదాహరణలో మొదటి పోస్టర్‌కి ఇలా పట్టిందనుకోండి. ఐడియాలకు గంటన్నర, డిజైన్‌కి 3 గంటలు, తెలుగు మ్యాటర్ సరిచేయడానికి గంట, దిద్దుబాట్లకు గంటన్నర, ప్రింట్ ఫైల్ తయారీకి అరగంట. మొత్తం ఏడున్నర గంటలు. ఇందులో రెండు గంటలు యూట్యూబ్‌లో మాస్క్ ఎలా వేయాలో చూడటానికే పోయాయి. ఆ రెండు గంటలు చదువుకున్నట్టు లెక్క, క్లయింట్ మీద వేయకూడదు. తీసేస్తే ఐదున్నర. మూడో పోస్టర్‌కి వచ్చేసరికి అది 5 గంటలకు దిగుతుంది. కొటేషన్‌లో వాడాల్సింది ఈ 5.

కొత్తవాళ్లం, నెమ్మదిగా చేస్తాం కాబట్టి రేటు తగ్గించాలి అన్న ఆలోచన ఇక్కడే సరిచేసుకోవాలి. నెమ్మదితనానికి తగ్గింపు గంటల్లో ఇచ్చేశారు, రెండు గంటలు వదిలేశారు కదా. మళ్లీ రేటులో కూడా తగ్గిస్తే ఒకే కారణానికి రెండుసార్లు నష్టపోయినట్టు. పైగా గంటలు చేయి తిరిగేకొద్దీ వాటంతటవే తగ్గుతాయి. తగ్గించి చెప్పిన రేటు మాత్రం దానంతటది పెరగదు.

తెలుగు మ్యాటర్ గంటను మాత్రం ఎప్పుడూ విడిగా రాసుకోండి. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్ చూసి నేర్చుకున్నవాళ్లు దీన్ని లెక్కలోకే తీసుకోరు. క్లయింట్ మ్యాటర్‌ని చేత్తో రాసి వాట్సాప్‌లో ఫొటో తీసి పంపుతారు. మీరు టైప్ చేయాలి. యూనికోడ్‌లో టైప్ చేసింది సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే, సెట్టింగ్ సరిగా లేనిచోట 'స్త్రీ', 'క్ష్మి' లాంటి చోట్ల వత్తులు విడిపోయి పక్కకొచ్చి నిలబడతాయి. ప్రింటింగ్ షాపు వాళ్లేమో అను ఫాంట్లలో పెట్టిన కోరల్‌డ్రా ఫైల్ అడుగుతారు. అను ఫాంట్లు యూనికోడ్ కాదు కాబట్టి మార్చుకోవాలి, మార్చాక ప్రతి అక్షరం మళ్లీ చదవాలి. చివరికి అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చి ఇవ్వకపోతే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పోస్టరంతా పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. ఇదంతా పనే, దీనికి గంటలు పడతాయి.

నాలుగో పని: ఎవరి దగ్గర అడగాలో చూసుకోండి

300 రేటు పట్టుకుని ఫ్లెక్స్ షాపు దగ్గరికి వెళితే పని కాదు. ఫ్లెక్స్ షాపు సంపాదించేది చదరపు అడుగు ప్రింటింగ్ మీద. డిజైన్‌ని వాళ్లు ప్రింటింగ్‌తో పాటు దాదాపు ఊరికే ఇస్తారు, ఇవ్వగలరు కూడా. ఐదు గంటలు కూర్చుని పోస్టర్ చేసే మీరు వాళ్లతో ధర దగ్గర పోటీ పడలేరు, పడనవసరం లేదు. అక్కడికి వెళ్లి ప్రింటింగ్ ఎలా జరుగుతుందో, ఫైల్ ఎలా కావాలో నేర్చుకోండి. అది పనికొస్తుంది.

మీ రేటు ఇవ్వగలిగేది, ఒకే డిజైన్‌ని చాలాచోట్ల వాడుకునేవాళ్లు. కొత్తగా తెరిచే బొటిక్, క్లినిక్, కేఫ్ లాంటివి. వాళ్లకు పోస్టర్‌తో పాటు విజిటింగ్ కార్డూ ఇన్‌స్టాగ్రామ్ పోస్టులూ ఒకే తీరులో కావాలి. ఆ తర్వాత చిన్న యాడ్ ఏజెన్సీలు. వాళ్ల దగ్గర పని పొంగిపొర్లినప్పుడు బయట ఇస్తారు, గంట లెక్క వాళ్లకు అలవాటే.

ఫైవర్ లాంటి వేదికల్లోకి వెళ్తే రేటు మళ్లీ లెక్కించాలి. ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. మీ చేతికి 300 రావాలంటే 300ని 0.8తో భాగించి 375 పెట్టాలి. 300కి 20 శాతం కలిపి 360 పెట్టేవాళ్లున్నారు. అందులో 72 పోతే చేతికొచ్చేది 288 మాత్రమే.

ఊళ్లోని కంపెనీల దగ్గర ఇంకో కోత ఉంటుంది. వృత్తి ఫీజుగా చూసి కొందరు 10 శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది ఇస్తారు. అది పోయిన డబ్బు కాదు. పాన్ నంబర్ ఇచ్చి ఉంటే మీ పేరున జమవుతుంది, మీకు పన్ను పడకపోతే రిటర్న్ వేసి తిరిగి తీసుకోవచ్చు. అందుకే దీన్ని రేటులో కలపక్కర్లేదు, కానీ ఆ నెల చేతికొచ్చేది తగ్గుతుందని గుర్తుంచుకోండి. జీఎస్టీ గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు. మన రెండు రాష్ట్రాల్లో సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటే దాకా మామూలుగా రిజిస్ట్రేషన్ అవసరం రాదు.

ఐదో పని: గంటల్ని ఒక ధరగా మార్చండి

ఏజెన్సీకి "గంటకు 300" అని చెప్పొచ్చు. బొటిక్ యజమానికి మాత్రం గంట లెక్క చెప్పకండి. మీరెంత వేగంగా చేస్తారో ఆవిడకు తెలియదు, కాబట్టి గంట రేటు వినగానే చివరికి బిల్లు ఎంతవుతుందో అన్న భయం మొదలవుతుంది. గంట రేటు మీ నోట్‌బుక్‌లో ఉండాలి, ఆవిడకు మొత్తం ధర చెప్పాలి.

ఆ అమ్మాయి దగ్గరికి కొత్తగా పెడుతున్న ఒక బొటిక్ పని వచ్చిందనుకోండి. ఓపెనింగ్ పోస్టర్‌కి 5 గంటలు, విజిటింగ్ కార్డుకి 2, పోస్టర్‌లోంచే తీసి చేసే ఆరు ఇన్‌స్టా పోస్టులకు 4, మాట్లాడుకోవడానికి 1. మొత్తం 12 గంటలు. కొత్తలో వేసుకునే అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది, అందుకని పావు వంతు కలపాలి. 15 గంటలు. 300 చొప్పున 4,500.

పోర్ట్‌ఫోలియో లేని విషయం ఇక్కడ ముందుకొస్తుంది. "ఇంతకుముందు ఏం చేశావమ్మా?" అని అడుగుతారు. మూడు ప్రాక్టీస్ డిజైన్లు చూపించి, అవి ప్రాక్టీస్ కోసం చేసినవని ఉన్నదున్నట్టు చెప్పండి. ఉన్న షాపు పేరు పెట్టి, వాళ్లకు చేశానని చెబితే ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడుతుంది, ఆ ఊళ్లో ఇక పని రాదు.

ఆ ప్రశ్న వెనక ఆవిడ భయం ఒకటే, డబ్బులిచ్చాక బాగా రాకపోతే ఎలా అని. ఆ భయాన్ని ధర తగ్గించి పోగొట్టలేరు. 4,500 పెట్టడానికి భయపడే మనిషి 2,000 పెట్టడానికీ భయపడుతుంది. చేయాల్సింది ఆవిడ ఒకేసారి పోగొట్టుకోగలిగే మొత్తాన్ని చిన్నది చేయడం. సగం, అంటే 2,250 అడ్వాన్స్. ముందు పోస్టర్ ఒక్కటే చేసి చూపిస్తారు. నచ్చకపోతే అక్కడితో ఆపేయొచ్చు, మిగతా డబ్బు ఇవ్వక్కర్లేదు. పోస్టర్ 5 గంటలు, మాటలు 1, పావు వంతు కలిపితే ఏడున్నర గంటలు, అంటే సరిగ్గా 2,250. ఆవిడ ఆపేసినా మీ గంటలకు డబ్బు వచ్చేసినట్టే.

మెసేజ్ ఇలా పెట్టొచ్చు:

"నమస్తే మేడమ్. ఓపెనింగ్ పోస్టర్, విజిటింగ్ కార్డ్, ఆరు ఇన్‌స్టా పోస్టులు కలిపి 4,500 అవుతుందండీ. తెలుగు మ్యాటర్ టైపింగ్, ప్రింట్ ఫైల్ అందులోనే. ఒక్కో డిజైన్‌కి రెండుసార్లు మార్పులు చేసిస్తాను, ఆపైన ఒక్కో మార్పుకి 300. సగం అడ్వాన్స్ ఇస్తే ముందు పోస్టర్ చేసి చూపిస్తాను. నచ్చకపోతే అక్కడితో ఆపేద్దాం, మిగతా సగం ఇవ్వక్కర్లేదు."

మార్పుల సంఖ్య రాయకపోతే పైన కట్టిన లెక్కంతా వృథా. ఇంట్లో ఒక్కొక్కరూ చూసి ఒక్కో రంగు చెబుతారు, మీ 15 గంటలు 25 అవుతాయి.

ఆరో పని: బేరానికి సిద్ధంగా ఉండండి

బేరం తప్పకుండా వస్తుంది. "పక్క షాపులో ఐదొందలకే చేస్తానన్నాడమ్మా. అన్నీ కలిపి రెండున్నర వేలు ఇస్తాను" అంటారు. అప్పుడు 4,500ని 3,500 చేసి, 3,000 చేసి దిగిపోతే, మొదట చెప్పిన ధరే అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ధర తగ్గాలంటే పని తగ్గాలి.

"నిజమేనండీ, వాళ్లకు ప్రింటింగ్ మీద మిగులుతుంది, అందుకని ఇవ్వగలరు. మీ బడ్జెట్‌కి దగ్గరగా రావాలంటే ఇప్పుడు పోస్టర్, విజిటింగ్ కార్డ్ వరకు చేద్దామండీ, 3,000 అవుతుంది. ఇన్‌స్టా పోస్టులు ఓపెనింగ్ అయ్యాక చూసుకుందాం." ఈ 3,000 కూడా లెక్కే. పోస్టర్, కార్డు, మాటలు కలిపి 8 గంటలు, పావు వంతు కలిపితే 10.

తెలిసినవాళ్లకు, చుట్టాలకు తగ్గించాల్సి వస్తే తగ్గించండి. కానీ బిల్లులో పూర్తి ధర రాసి, కింద తగ్గింపు అని వేరే గీత మీద చూపించండి. వాళ్లు ఇంకొకరికి మీ గురించి చెప్పేటప్పుడు ఏ అంకె చెబుతారన్నది ఆ కాగితం మీద ఉంటుంది.

ఏడో పని: ప్రతి పని అయ్యాక లెక్క చూడండి

బొటిక్ పని అయిపోయింది, 4,500 వచ్చింది. నోట్‌బుక్‌లో చూస్తే 15 కాదు, 19 గంటలు పట్టిందని తేలిందనుకోండి. 4,500ని 19తో భాగిస్తే గంటకు 237. కనీస రేటు కంటే తక్కువ. వెంటనే రేటు పెంచాలనిపిస్తుంది. ముందు ఆ నాలుగు గంటలు ఎక్కడ పోయాయో చూడండి. డిజైన్ మొదలుపెట్టాక మ్యాటర్ మారడం వల్ల పోయుంటే, మ్యాటర్ మొత్తం చేతికొచ్చాకే మొదలుపెడతానని వచ్చే మెసేజ్‌లో రాయాలి. మీ నెమ్మది వల్ల పోయుంటే వచ్చే అంచనాలో గంటలు పెంచాలి. ఈ రెండూ సరిచేశాక కూడా తక్కువే వస్తుంటే అప్పుడు రేటు ముట్టుకోండి.

మూడు నెలలు అయ్యాక ఇంకో లెక్క చూడాలి, నెలకు నిజంగా ఎన్ని గంటలకు డబ్బులొచ్చాయని. 75 అనుకున్నది 50 మాత్రమే వస్తుంటే, కనీస రేటు 450 అయి కూర్చుంటుంది. పని దొరకనివాళ్లు రేటు పెంచి గట్టెక్కలేరు. అప్పుడు వెతకాల్సింది నెలనెలా వచ్చే పని.

తక్కువ రేటుకి ఒప్పుకోవడం న్యాయమయ్యేది కూడా ఇలాంటి చోటే. ఒక ఏజెన్సీ నెలకు 40 గంటల పని ఖాయంగా ఇస్తానంటే, క్లయింట్ల కోసం తిరిగే గంటలు మీకు మిగులుతాయి. మొత్తం అమ్ముడుపోయే గంటలు 100కి చేరితే, 22,500ని 100తో భాగించండి. కనీస రేటు 225కి దిగింది. కాబట్టి ఆ ఏజెన్సీకి 250 చెప్పినా నష్టం లేదు. అయితే 40 గంటలు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ నెల డబ్బు ఇస్తామని వాళ్లు రాసివ్వాలి. "ముందుముందు చాలా పని ఉంటుంది" అన్న మాట మీద తగ్గించకండి.

చెప్పిన ధరకు ఒక్కరూ బేరమాడకుండా వెంటనే సరే అంటున్నారంటే, మీరు తక్కువ చెబుతున్నారు. తర్వాత వచ్చే కొత్త క్లయింట్‌కి 350తో లెక్క కట్టండి. ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నాక పాతవాళ్లకు చెప్పండి, చేతిలో ఉన్న పని పాత ధరకే పూర్తి చేసి. "మేడమ్, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మొదలయ్యే పనులకు నా ధరలు కొంచెం పెరుగుతున్నాయండీ. ఇప్పుడు నడుస్తున్న పోస్టుల పని పాత ధరకే ఇస్తాను" అని ఒక్క మెసేజ్ చాలు. కారణాలు, క్షమాపణలు అక్కర్లేదు.